యూనిఫాం, పాఠ్యపుస్తకాల సరుకు: ఎంత తెప్పించాలి, ఏ షరతు మీద తెప్పించాలి, మిగిలితే ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవులు మొదలవుతాయి. బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పాఠ్యపుస్తకాలు, యూనిఫాం ఉచితంగా అందుతాయి కాబట్టి, ఊళ్లో ఈ సరుకు అమ్మే దుకాణదారుకు ప్రైవేటు పాఠశాలల బేరమే బేరం. ఆ బేరం కూడా బడి తెరవడానికి వారం ముందు మొదలై, తెరిచాక రెండు మూడు వారాల్లో ముగిసిపోతుంది. ఇంత తక్కువ రోజుల్లో అమ్ముడుపోవలసిన సరుకును నాలుగైదు నెలల ముందే నిర్ణయించి ఆర్డరు పెట్టవలసి రావడమే ఈ వ్యాపారంలోని చిక్కు.

ఈ వ్యాసం ఒక మండల కేంద్రంలోనో చిన్న పట్టణంలోనో ఒకటి రెండు ప్రైవేటు పాఠశాలలకు యూనిఫాం, పుస్తకాలు రెండూ అమ్మే దుకాణాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినది. నర్సరీ నుంచి పదో తరగతి వరకు 480 మంది పిల్లలున్న ఒక పాఠశాలను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో వచ్చే ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ సరఫరాదారు ఇచ్చే ధరలను ఆ స్థానంలో పెట్టుకొని చూసుకోవచ్చు.

యూనిఫాం, పుస్తకాలు ఒకే కౌంటరు మీద అమ్ముడుపోయినా, మిగిలినప్పుడు వాటి దారులు వేరు. యూనిఫాం ఆ పాఠశాలకు కట్టుబడిన సరుకు: పాఠశాల రంగు, గీత మార్చనంత కాలం నిరుడు మిగిలిన చొక్కా ఈ ఏడు కూడా అదే ధరకు పోతుంది. పుస్తకం సంవత్సరానికి కట్టుబడిన సరుకు: పాఠశాల అదే అయినా, ప్రచురణకర్త ముద్రణ మార్చినా, పాఠశాల జాబితాలో ప్రచురణకర్తనే మార్చినా అది కాగితం ధరకు దిగిపోతుంది. అందువల్ల రెండింటికీ కలిపి "నిరుటి అమ్మకం మీద పది శాతం ఎక్కువ" అనే లెక్క వేయడం తప్పు. ఏ వస్తువుకైనా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఆఖరి పీసు అమ్ముడుపోకుండా ఉండిపోతే నాకు ఎంత నష్టం, ఆ పీసు లేక కొనడానికి వచ్చినవాడు తిరిగి వెళ్లిపోతే ఎంత నష్టం?

యూనిఫాం: రెడీమేడా, తానుల గుడ్డా?

దుకాణదారు ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, సోలాపూర్ వంటి యూనిఫాం తయారీ కేంద్రాల నుంచి సైజులవారీగా కుట్టిన బట్టలు తెప్పించుకోవడం. రెండోది, విజయవాడ వస్త్రలత వంటి టోకు మార్కెట్లలో తానుల లెక్కన గుడ్డ కొని, ఊళ్లో దర్జీలతో కొలతలకు కుట్టించడం.

రెడీమేడ్ చొక్కా పీసుకు కొంత చవకగా పడుతుంది, కుట్టు ఒకే తీరుగా ఉంటుంది, తల్లిదండ్రులు వచ్చిన వెంటనే పిల్లవాడికి వేసి చూసి పట్టుకెళ్లిపోతారు. దాని ఇబ్బంది సమయంతో వస్తుంది. చెక్స్ గుడ్డ నేయించి కుట్టి పంపాలంటే తయారీదారుకు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. పైగా అన్ని ఊళ్ల ఆర్డర్లూ ఒకేసారి అతని మీద పడతాయి. కాబట్టి ఆర్డరు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వెళ్లాలి. జూన్ 15న 30 సైజు అయిపోయిందని ఫోను చేస్తే ఆ సీజనులో అది రాదు. అంటే రెడీమేడ్‌లో ఒకసారి వేసిన అంచనాను సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

తానుల గుడ్డకు ఉన్న గొప్ప గుణం దానికి సైజు లేకపోవడం. 28 కావాలన్నా 36 కావాలన్నా అదే తానులోంచి కత్తిరించవచ్చు. మిగిలినా మరుసటి ఏడాది ఏ సైజుకైనా పనికొస్తుంది. అయితే కుట్టుకూలి కలుపుకుంటే పీసు ఖరీదు రెడీమేడ్ కంటే కొంచెం పైకి పోతుంది. అంతకంటే పెద్ద అడ్డంకి దర్జీ చేయి. కటింగు వేరే మనిషి చేసి పెట్టినా, ఒక మిషను మీద రోజుకు ఎనిమిది పది చొక్కాలకు మించి రావడం కష్టం. జూన్ రెండో వారంలో ఊరంతా అదే దర్జీల దగ్గరకు పరుగెత్తుతుంది. మూడు వందల చొక్కాలను పూర్తిగా కుట్టించి ఇస్తానని పాఠశాలకు మాట ఇచ్చిన దుకాణం ఆగస్టు పదిహేను జెండా పండుగ నాటికి కూడా మాట తీర్చుకోలేకపోవడం మామూలే.

గుడ్డతో వచ్చే మరో చిక్కు షేడు. ఒకే నంబరు గుడ్డ అయినా రంగు అద్దిన లాటు మారితే నీలంలో సన్నని తేడా వస్తుంది. దుకాణం లోపల ట్యూబులైటు కింద అది కనిపించదు. ఉదయం ప్రార్థనలో వరుసగా నిలబడిన పిల్లల మీద ఎండ పడినప్పుడు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. అందుకని నిరుటి తాను నుంచి జానెడు ముక్క కత్తిరించి, లాటు నంబరు రాసి పెట్టుకొని, కొత్త తాను కొనేముందు రెండింటినీ బయట పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. పాత లాటు గుడ్డ మిగిలితే ఒకే పిల్లవాడికి ప్యాంటు ఒక లాటులో, కోటు మరో లాటులో పడకుండా చూసుకుంటే సరిపోతుంది.

నా అభిప్రాయంలో ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కంటే, సైజును బట్టి రెండింటినీ పంచుకోవడమే సరైన పద్ధతి. నర్సరీ నుంచి అయిదో తరగతి వరకు పిల్లల కొలతల్లో తేడా తక్కువ. 22 నుంచి 30 వరకు సైజుల్లో ఎవరికి ఏది పడుతుందో చాలా వరకు ముందే చెప్పవచ్చు. ఒక సైజు పెద్దది ఇచ్చినా తల్లులు కాదనరు, పైగా వచ్చే ఏటికి కూడా పనికొస్తుందని అదే అడుగుతారు. ఆరో తరగతి దాటాక ఈ సౌలభ్యం పోతుంది. ఆడపిల్లలు ఆరు, ఏడు తరగతుల్లోనే ఎదుగుతారు, మగపిల్లలు ఎనిమిది, తొమ్మిదిలో ఒక్కసారిగా పొడవవుతారు. ఒకే తరగతిలో 32 వేసుకునేవాడూ 40 వేసుకునేవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఈ పెద్ద సైజుల్లో ఒక్కో పీసు ఖరీదు ఎక్కువ, అమ్ముడయ్యే సంఖ్య తక్కువ, అంచనా తప్పే అవకాశం ఎక్కువ. కాబట్టి 30 వరకు రెడీమేడ్ పూర్తిగానూ, 32, 34 సైజుల్లో అంచనాలో సగం మాత్రమే రెడీమేడ్‌గానూ తెప్పించి, మిగిలిన సగానికీ, 36 నుంచి పైకీ గుడ్డ ఉంచుకొని కుట్టించడం మంచిది. పై తరగతుల పిల్లలు సంఖ్యలో తక్కువ కాబట్టి ఇద్దరు దర్జీలు ఆ పనిని మోయగలరు.

సైజుల లెక్క ఎలా వేయాలి

చాలా దుకాణాలు నిరుడు ఏ సైజు ఎన్ని పోయాయో చూసి అవే అంకెలతో మళ్లీ ఆర్డరు పెడతాయి. పాఠశాలలో ప్రతి తరగతికీ ఒకే సెక్షను ఉండి, ఏటా దాదాపు అంతే మంది చేరుతుంటే ఈ పద్ధతి తప్పు కాదు. ఎదిగి వెళ్లిన పిల్లల స్థానంలోకి కింది పిల్లలు వస్తారు. కానీ ఏదో ఒక తరగతి మాత్రం ఉబ్బి ఉంటే అదే పద్ధతి దెబ్బ తీస్తుంది. ఉదాహరణకు మన 480 మంది పాఠశాలలో అన్ని తరగతుల్లో ఒక్కో సెక్షను ఉండి, నిరుడు మూడో తరగతిలో మాత్రం రెండు సెక్షన్లు ఉన్నాయనుకుందాం. నిరుడు ఎక్కువగా పోయిన 26 సైజును చూసి ఈ ఏడు కూడా 26 ఎక్కువగా తెప్పిస్తే, ఆ పిల్లలందరూ నాలుగో తరగతికి వచ్చి 28 అడుగుతారు. 28 అయిదు రోజుల్లో ఖాళీ అవుతుంది, 26 కట్టలు కట్టలుగా ఉండిపోతుంది. కాబట్టి నిరుటి అమ్మకాల పట్టీ పక్కన తరగతివారీ హాజరు సంఖ్య కూడా రాసుకొని, ఉబ్బిన తరగతిని ఒక సైజు పైకి జరిపి లెక్క వేయాలి.

ఇక ఎంత ఎక్కువ తెప్పించాలన్నది చూద్దాం. చెక్స్ చొక్కా కొన్న ధర 230 రూపాయలు, అమ్మేది 320. పీసు లేక బేరం పోతే 90 రూపాయల లాభం పోయినట్టు. పీసు మిగిలి, వచ్చే ఏడు అదే యూనిఫాం కొనసాగితే వడ్డీ, మురికి, నిల్వ అన్నీ కలిపి నష్టం 30 రూపాయలు దాటదు. అంటే తక్కువ పడితే వచ్చే నష్టం, మిగిలితే వచ్చే నష్టానికి మూడింతలు. అటువంటప్పుడు నాలుగేళ్లలో మూడేళ్లు ఎంతో కొంత మిగిలేలా తెప్పించడమే లాభం. గత కొన్నేళ్లుగా 28 సైజు అమ్మకం 52 నుంచి 68 మధ్య ఊగుతూ, సగటున 60 ఉంటే, 64 తెప్పించవచ్చు.

అదే పాఠశాల వచ్చే ఏడు యూనిఫాం మారుస్తుందని తెలిసిన ఏడాదిలో లెక్క తలకిందులవుతుంది. మిగిలిన చొక్కాకు 60 రూపాయలు కూడా గగనమే, నష్టం 170. తక్కువ పడితే పోయేది అప్పుడూ 90 మాత్రమే. కాబట్టి సగటుకు కిందే ఆగాలి, 57 చాలు. ఒక్క సైజులో ఏడు పీసుల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. చొక్కా, ప్యాంటు, స్కర్టు, ట్రాక్ ప్యాంటు అన్నింటిలో, అన్ని సైజుల్లో కలుపుకుంటే అది నూరు పీసులు దాటుతుంది, ఆ నూరే అటక మీద ఏళ్ల తరబడి పడి ఉండే మూట.

యూనిఫాం మారుతుందో లేదో తెలుసుకోవడం అందుకే ముఖ్యం. పాఠశాలతో ఒక పేజీ ఒప్పందం రాయించుకోవడానికి దుకాణదారులు మొహమాటపడతారు, కానీ యాజమాన్యాలు అడిగితే తరచుగా ఒప్పుకుంటాయి. అందులో రెండు విషయాలు చాలు. మార్చదలిస్తే డిసెంబరు చివరిలోగా చెప్పాలి. మార్చినా కింది తరగతుల నుంచి మొదలుపెట్టి, తొమ్మిది, పది తరగతుల వారికి ఒక ఏడాది పాత యూనిఫాం అనుమతించాలి. ఈ రెండో మాట వల్ల ఖరీదైన పెద్ద సైజులు బయటపడతాయి. పదో తరగతి పిల్లవాడికి ఒక్క ఏడాది కోసం కొత్త బట్టలు కొనడం తల్లిదండ్రులకూ ఇష్టం ఉండదు కనుక పాఠశాలకు కూడా ఇది భారం కాదు. కాగితం మీద రాయకపోయినా సూచనలు కనిపిస్తూనే ఉంటాయి: యాజమాన్యం చేతులు మారడం, పెద్ద విద్యాసంస్థల పేరు అద్దెకు తీసుకుంటారన్న మాట, ఆఫీసు గదిలో బల్ల మీద తెలియని శాంపిల్ పీసు. శాంపిల్ కనిపించిన రోజే ఆర్డరు ఆపి అడగాలి.

లోగో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. చాలామంది చవకగా వస్తుందని తయారీదారు దగ్గరే అన్ని చొక్కాలకూ లోగో కుట్టించేస్తారు. ముదురు నీలం ప్యాంటు, తెల్ల చొక్కా, బూడిదరంగు స్కర్టు వంటి సాదా బట్టలు పది పాఠశాలలకు సరిపోతాయి; జేబు మీద లోగో పడిన క్షణం నుంచి ఒకే పాఠశాలకు సరిపోతాయి. వాటిని సాదాగా తెప్పించుకొని, లోగోను విడి బ్యాడ్జీగా ఉంచి, అమ్మేటప్పుడు కౌంటరు వెనక కుట్టి ఇస్తే పీసుకు పది పదిహేను రూపాయలు అదనంగా పడవచ్చు. ఆ ఖర్చు మిగులును సగానికి సగం తగ్గిస్తుంది. చెక్స్ గుడ్డకు, హౌసుల రంగు టీషర్టులకు ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ ఆర్డరు బిగించడమే దారి.

పుస్తకాలు: ఖాయం కొనుగోలా, రిటర్ను షరతా?

పుస్తకాల్లో పరిమాణం కంటే షరతు ఎక్కువ ముఖ్యం. ప్రైవేటు ప్రచురణకర్తలు సాధారణంగా రెండు రకాలుగా ఇస్తారు. ఖాయంగా కొంటే ముద్రిత ధర మీద ఎక్కువ తగ్గింపు ఇస్తారు, తిరిగి తీసుకోరు. రిటర్ను షరతు మీద అయితే తగ్గింపు తక్కువ, కానీ తెప్పించిన మొత్తంలో కొంత శాతం వరకు మిగిలితే గడువులోగా వెనక్కి తీసుకుంటారు.

ఆరో తరగతి సెట్టు ముద్రిత ధర 3,200 రూపాయలు అనుకుందాం. ఖాయం కొనుగోలులో 35 శాతం తగ్గింపుతో 2,080కి వస్తుంది, సెట్టుకు 1,120 లాభం. రిటర్ను షరతు మీద 25 శాతం తగ్గింపుతో 2,400కి వస్తుంది, లాభం 800, తెప్పించిన సెట్లలో 20 శాతం వరకు వెనక్కి పంపవచ్చు, పార్సిలు ఖర్చు మనది. జాబితా మారితే ఖాయంగా కొన్న సెట్టుకు కాగితం ధర 45 రూపాయలు వస్తుంది, అంటే నష్టం 2,035. రిటర్ను సెట్టుకు నష్టం పార్సిలుతో కలిపి 100.

40 సెట్లు తెప్పించి 36 అమ్మితే, ఖాయం కొనుగోలులో 36 సెట్ల లాభం 40,320 నుంచి నాలుగింటి నష్టం 8,140 తీసేయగా 32,180 మిగులుతుంది. రిటర్ను షరతులో 28,800 నుంచి 400 పోగా 28,400. నాలుగు సెట్లు కాగితం ధరకు పోయినా ఖాయం కొనుగోలే మేలు కావడం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. అయిదు మిగిలినా అదే మేలు: 29,025కి ఎదురుగా 27,500. ఆరు మిగిలినప్పుడు త్రాసు అటు ఒరుగుతుంది: ఖాయంలో 25,870, రిటర్నులో 26,600. అంటే ఈ ధరల్లో నూటికి పద్నాలుగు వంతుల మిగులు దగ్గర గీత పడుతుంది. మిగులు అంతకంటే తక్కువేనని నమ్మకం ఉన్న తరగతికి ఖాయంగా కొనాలి, నమ్మకం లేని తరగతికి రిటర్ను షరతు మీద తేవాలి. ఒకే ప్రచురణకర్త దగ్గరైనా తరగతిని బట్టి షరతు మార్చుకోవచ్చు. అన్నింటికీ ఒకే షరతు పెట్టడం వారి సౌకర్యం కోసమే.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? పాఠశాల చెప్పే పిల్లల సంఖ్య నుంచి రాదు. నిరుడు ఆ తరగతిలో ఎంతమంది ఉంటే ఎన్ని సెట్లు పోయాయో చూడాలి. అన్నదమ్ముల పుస్తకాలు, పై తరగతివారి పాత పుస్తకాలు వాడుకునేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. సెట్టులో రాసి నింపే వర్కుబుక్కులు ఎక్కువగా ఉంటే పాతవి పనికిరావు కాబట్టి దాదాపు అందరూ కొంటారు. చదివే పుస్తకాలే ఎక్కువ ఉన్న ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చేతులు మారడం ఎక్కువ. అలాగే నర్సరీ, ఎల్కేజీ, ఆరో తరగతుల్లో కొత్త చేరికలు జూన్ చివరి దాకా తేలవు. వీటికి రిటర్ను షరతే సరి.

నమ్మకాన్ని పెంచే మరో మార్గం అడ్వాన్సు. దానికి సరైన రోజు సెలవుల ముందు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు, ఆ రోజు తల్లిదండ్రులు ఎలాగూ పాఠశాలకు వస్తారు. ఆ రోజుకి ప్రధానోపాధ్యాయుల సంతకంతో పుస్తకాల జాబితా చేతికి రావాలి. జాబితా మే నెలలో ఇస్తామంటే అడ్వాన్సు అవకాశం పోయినట్టే, ఆ ఏడాదికి రిటర్ను షరతు వైపు మొగ్గడం మంచిది. అయిదు వందలు కట్టి రసీదు తీసుకున్నవారిని ఖాయంగా లెక్కించవచ్చు. "మాకొక సెట్టు ఉంచండి" అని నోటిమాటగా చెప్పినవారిని అదే పట్టీలో రాసుకోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో మరొక సంగతి ఉంది. 2025లో తల్లికి వందనం సొమ్ము బడులు తెరిచే రోజుల్లోనే తల్లుల ఖాతాల్లో పడింది. ప్రైవేటు పాఠశాలల పిల్లలకు కూడా వర్తించే పథకం కనుక, డబ్బు పడేదాకా కొనుగోలు వాయిదా వేసుకునే కుటుంబాలు ఉంటాయి. జూన్ మొదటి వారంలో కౌంటరు ఖాళీగా ఉందని కంగారుపడి ధర తగ్గించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాడే సీబీఎస్ఈ పాఠశాలలకు సరుకు తెచ్చేవారు 2023 నుంచి 2025 వరకు మూడేళ్లలో పెద్ద పాఠమే నేర్చుకున్నారు. జాతీయ విద్యా విధానం 2020ని అనుసరించి 2023లో ఒకటి, రెండు తరగతులకు, 2024లో మూడు, ఆరు తరగతులకు, 2025లో నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆరో తరగతిలో చరిత్రకు, భూగోళానికి, పౌరశాస్త్రానికి వేర్వేరుగా ఉన్న మూడు పుస్తకాల స్థానంలో ఒకే సాంఘికశాస్త్ర పుస్తకం వచ్చింది. ఇంగ్లీషు, గణితం, సైన్సు పుస్తకాల పేర్లు కూడా మారిపోయాయి. పాతవి మిగిల్చుకున్న దుకాణానికి ఒక్క పేరు కూడా పనికిరాలేదు. దాంతోపాటు కొత్త పుస్తకాల్లో కొన్ని బడులు తెరిచాక గాని మార్కెట్లోకి రాలేదు, కొన్ని రెండు భాగాలుగా వచ్చాయి. మార్పు ప్రకటించిన తరగతికి పాత పుస్తకాన్ని ఒక్కటి కూడా ముందుగా కొనకూడదు. కొత్తవి వచ్చిన మేరకు విడిగా అమ్మాలి తప్ప సెట్టు పూర్తయ్యేదాకా ఆపి ఉంచకూడదు. రాష్ట్ర సిలబస్ పుస్తకాల్లో లాభం తక్కువ, ధర తక్కువ, కాబట్టి వాటిని వారం వారం చిన్న కట్టలుగా తెచ్చుకుంటే సరిపోతుంది.

సీజను తర్వాత

జూలై మొదటి ఆదివారం దుకాణం మూసి సరుకు లెక్కించాలి. ఆగస్టు దాకా ఆగితే రిటర్ను గడువు మీద పడుతుంది. లెక్కించాక ప్రతి తరగతికీ ఒకటి రెండు పుస్తకాల సెట్లు ఆలస్యంగా చేరేవారి కోసం ఉంచుకొని, మిగిలినవాటిలో ముందుగా వెనక్కి పంపగలిగినవి పంపేయాలి. ప్రచురణకర్తలు వెనక్కి వచ్చిన కట్టలో ఏం చూస్తారో తెలిసి ఉంటే నష్టం తగ్గుతుంది. పాఠశాల ముద్ర, మన ధర చీటీ, అట్ట వేసిన గుర్తు, పిల్లల పేరు రాసిన లేబులు ఉన్న పుస్తకాన్ని తిరస్కరిస్తారు. అందుకే సెట్లు కట్టేటప్పుడే చీటీని పుస్తకం మీద కాకుండా కట్ట మీది కాగితానికి అంటించాలి. తిరిగి ఇచ్చేది కూడా సాధారణంగా నగదు కాదు, క్రెడిట్ నోటు. వచ్చే ఏడు అదే ప్రచురణకర్త దగ్గర కొనకపోతే ఆ నోటు ఎంత విలువైనదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఖాయంగా కొన్నవి మిగిలితే సెట్టు విప్పడమే ఉత్తమం. అట్లాసు, వ్యాకరణం, చేతిరాత, డ్రాయింగు పుస్తకాలు వేరే పాఠశాలల పిల్లలకు కూడా పోతాయి. గణితం, సైన్సు పుస్తకాలకు ఏడాది పొడవునా పారేసుకున్నవారు వస్తుంటారు. సెట్టును సెట్టుగా సగం ధరకు పెట్టినా, ఆ తరగతి పిల్లలందరూ అప్పటికే కొనేశారు కనుక అడిగేవారుండరు. పక్క పట్టణంలో అదే ప్రచురణకర్త వరుసను వాడే మరో పాఠశాలకు సరుకు ఇచ్చే దుకాణం ఉంటే, మిగిలినవాటిని కొన్న ధరకే మార్చుకోవడం అన్నింటికంటే లాభసాటి. ప్రచురణకర్త ప్రతినిధిని అడిగితే ఆ దుకాణమేదో ఆయనే చెబుతారు. ఇవేవీ కుదరనివి, వచ్చే ఏడు జాబితాలో ఉండవని తేలినవి, హైదరాబాద్ కోఠిలోనో విజయవాడ లెనిన్ సెంటరులోనో పాత పుస్తకాల వారికి ఇస్తే కాగితం ధర కంటే మెరుగైన బేరం తగలవచ్చు. అయితే రవాణా ఖర్చు చూసుకొని వెళ్లాలి.

యూనిఫాంలో తొందరపాటు పనికిరాదు. అదే యూనిఫాం కొనసాగుతుంటే తగ్గింపు ధరకు అమ్మడం వచ్చే ఏటి సొంత బేరాన్ని ఈ ఏడు చవకగా అమ్ముకోవడమే. వాటిని జాగ్రత్తగా దాచడమే చేయవలసిన పని. తెల్ల చొక్కాలు ప్లాస్టిక్ కవరులో మడతల దగ్గర పసుపెక్కుతాయి కాబట్టి కవరు తీసి, ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు వాడితే బట్టకు తగలకుండా చిన్న గుడ్డ సంచిలో కట్టి ఉంచాలి. నిక్కర్ల నడుము ఎలాస్టిక్, సాక్సులు రెండు వేసవులు దాటితే సాగిపోయి పట్టు వదులుతాయి. బూట్లలో పీయూ అడుగు ఉన్నవి వాడకుండా ఉంచితే తేమకు విరిగి పొడి అవుతాయి. ఈ మూడింటిని మాత్రం ఆ సీజనులోనే ఎంతకు వస్తే అంతకు వదిలించుకోవాలి.

యూనిఫాం మారిపోయినప్పుడు సాదా బట్టలను లోగో విప్పి వేరే పాఠశాలకు తిప్పవచ్చు. ముదురు రంగు మీద కుట్టిన లోగో విప్పితే సూది రంధ్రాలు కనిపిస్తాయి కనుక తెల్ల చొక్కాలకే ఇది బాగా పనికొస్తుంది. పెద్ద చొక్కాను చిన్నదిగా మార్పించడం అందరికీ తట్టే ఆలోచనే, కానీ కాలరు, జేబు, చెక్స్ గీతల కలయిక మళ్లీ సరిచేయడానికయ్యే కూలి మిగిలే విలువను తినేస్తుంది. ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

చెక్స్ బట్టలను అనాథాశ్రమాలకు, వసతిగృహాలకు ఇవ్వాలనుకునేవారు జీఎస్టీ సంగతి ముందుగా చూసుకోవాలి. సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారి సరుకును ఉచితంగా ఇస్తే, లేదా రద్దు కింద రాసేస్తే, కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను కేంద్ర జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. అదే తక్కువ ధరకైనా బిల్లు వేసి అమ్మితే, అమ్మిన ధర మీద 5 శాతం పన్నుతో సరిపోతుంది. ముద్రిత పాఠ్యపుస్తకాల మీద పన్ను లేదు కాబట్టి, వాటిని ఉచితంగా ఇచ్చినా వెనక్కి కట్టవలసింది ఏమీ ఉండదు. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్టే ఉండదు కనుక వారికి ఈ చిక్కు రాదు.

చివరగా మార్చి 31 నిల్వ లెక్క. ఆ తేదీకి అటక మీద నిరుటి మిగులూ, గోడౌనులో రాబోయే సీజను కోసం వచ్చిన కొత్త బేళ్లూ కలిసి ఉంటాయి. రెండింటినీ కొన్న ధరకే కలిపి రాసేస్తే, అమ్ముడుపోని పాత సెట్లు కూడా పూర్తి విలువతో పుస్తకాల్లో కనిపించి, రాని లాభం మీద ఆదాయపు పన్ను కట్టినట్టవుతుంది. కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువదాన్ని చూపడం అంగీకృత పద్ధతి. కాబట్టి పాత పుస్తకాలనూ, మారిపోయిన యూనిఫాంనూ వేరే పట్టీగా రాసి, ఒక్కో దాని పక్కన అది ఎందుకు తగ్గిందో, పాఠశాల ఇచ్చిన కొత్త జాబితా నకలుతో సహా ఆడిటరుకు ఇవ్వాలి. జూలైలో సరుకు లెక్కించినప్పుడు రాసుకున్న పట్టీని అప్పటి నుంచి అమ్మకాలతో సరిచేస్తూ వస్తే, మార్చిలో మళ్లీ మూటలు విప్పి మొదటి నుంచి లెక్కించే శ్రమ ఉండదు.